ఇంటర్వ్యూలో ‘పెండ్లెప్పుడు?’ అని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర పల్లె. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. వయసు 26. చౌటుప్పల్ వైపు ఒక మందుల కంపెనీలో క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షించే ఉద్యోగానికి వెళితే సబ్జెక్టు ప్రశ్నలన్నిటికీ బాగానే చెప్పాను. చివర్లో ఒక పెద్దాయన ‘ఇరవై ఆరు వచ్చినయి గదా బిడ్డా, పెండ్లెప్పుడు? పెండ్లయినంక చేస్తవా, మానేస్తవా?’ అన్నారు. ఏం చెప్పాలో తోచక ‘ఇంట్లో చూస్తున్నారు సార్’ అని నవ్వి ఊరుకున్నాను. తర్వాత పిలుపు రాలేదు. వచ్చే వారం జడ్చర్లలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. మళ్ళీ అడిగితే మర్యాద తప్పకుండా ఏం చెప్పాలి?

జవాబు:

నల్లగొండ, పాలమూరు వైపు మందుల ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ పనిలోనే నా ఉద్యోగం అంతా గడిచింది. ఆ పెద్దాయనలాంటి వాళ్ళ పక్క కుర్చీలో కూర్చుని ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. అందుకే ముందు మీరన్న మాట బల్లకు అటువైపు ఎలా వినపడుతుందో చెబుతాను. మీ జవాబు దాన్నిబట్టే తయారు చేసుకోవాలి.

‘ఇంట్లో చూస్తున్నారు సార్’ అన్నప్పుడు మీ ఉద్దేశంలో మీరు ఏమీ బయటపెట్టలేదు, మర్యాదగా తప్పుకున్నారు. అటువైపు కూర్చున్న క్యూసీ హెడ్‌కు మాత్రం అది ‘రేపో మాపో ఖాయమవుతుంది, ఆ తర్వాత ఉద్యోగం సంగతి నా చేతిలో లేదు’ అన్నట్టు చేరుతుంది. పైగా ఆయన అడిగింది రెండు ప్రశ్నలు. ఒకటి పెళ్ళి ఎప్పుడని, రెండోది పనిచేస్తారా మానేస్తారా అని. మీరు మొదటిదానికి చెప్పి, రెండోదాన్ని వదిలేశారు. ఆయనకు కావలసింది రెండోదే. మీకు పిలుపు రాకపోవడానికి ఇదే కారణమని మాత్రం అనుకోకండి. ఒక్క పోస్టుకు పదిమంది బాగా చెప్పిన రోజులుంటాయి, పాత ఉద్యోగి తెచ్చిన సిఫారసు ఉంటుంది, ఒక్కోసారి ఆ పోస్టే ఆగిపోతుంది. కానీ ఆ ఒక్క చోట మీ జవాబు ఆయన అనుమానాన్ని తీర్చలేదన్నది నిజం.

ఆ అనుమానం ఎక్కడిదో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. క్యూసీ ల్యాబ్‌లో కొత్తగా చేరిన కెమిస్టు మొదటిరోజే పరీక్ష చేసి రిపోర్టు మీద సంతకం పెట్టడానికి వీల్లేదు. ముందు ఏ పని ఎలా చేయాలో రాసి ఉంచిన ఎస్‌ఓపీలు చదివి ట్రైనింగ్ రికార్డులో సంతకాలు పెట్టాలి. తర్వాత సీనియర్ పక్కన నిలబడి తూకం, పీహెచ్ మీటర్, టైట్రేషన్, మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఒక్కొక్కటీ చూసి చేయాలి. ఆ తర్వాత సీనియర్ ఒకసారి పరీక్షించిన శాంపిల్‌నే మీ చేత మళ్ళీ చేయించి, రెండు ఫలితాలూ అనుమతించిన తేడా లోపల ఉన్నాయో లేదో చూస్తారు. అవి కలిస్తేనే ఆ పరీక్ష సొంతంగా చేసే అర్హత మీకు వచ్చినట్టు రాస్తారు. ఇదంతా కొన్ని నెలల పని. అన్నాళ్ళూ జీతం మీకు, సమయం సీనియర్‌ది. తీరా చేతికి అందొచ్చే సమయానికి మనిషి వెళ్ళిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. క్యూసీ హెడ్ మనసులో ఉన్న లెక్క ఇదే. పెళ్ళి అనే మాట ఆ లెక్కకు ఆయన వాడే అడ్డదారి. అబ్బాయిలు కూడా హైదరాబాద్‌లో రెండు వేలు ఎక్కువ ఇస్తామంటే నోటీసు కూడా ఇవ్వకుండా వెళ్ళిపోతారని ఆయనకు తెలుసు. అయినా అబ్బాయిని ఈ ప్రశ్న అడగరు. ఇందులో అన్యాయం ఉంది, దాన్ని అన్యాయమనే నేను అంటాను. కానీ ఆ గదిలో మీకున్న పది నిమిషాల్లో ఆయనతో ఆ వాదన పెట్టుకుంటే ఉద్యోగం రాదు, ఆయన మనసూ మారదు.

కాబట్టి అడిగిన మాటకు ఒక్క ముక్కలో జవాబిచ్చి, వెనక ఉన్న అనుమానానికి నిండుగా జవాబు చెప్పాలి. జడ్చర్ల విషయంలో మీకు సరిపోయేలా ఒకటి రాస్తున్నాను. పోలేపల్లి సెజ్ వైపు అయినా, ఊరికి దగ్గర్లో ఉన్న వేరే ఫ్యాక్టరీ అయినా మాట ఒకటే.

ఆయన: ‘పెండ్లెప్పుడు చేస్తున్రు బిడ్డా?’

మీరు: ‘ఇప్పటికైతే చెప్పడానికి ఏమీ లేదు సార్. ఉద్యోగం గురించి మాత్రం ఇంట్లో మాట్లాడుకునే వచ్చాను. మాది నల్లగొండ వైపు, రోజూ తిరగడం కుదరదు కాబట్టి జడ్చర్లలో హాస్టల్ చూసుకున్నాను. హెచ్‌పీఎల్‌సీ మీద సొంతంగా పనిచేసే స్థాయికి రావాలన్నది నా ఉద్దేశం. ఇక్కడ కొత్తవాళ్ళకు ట్రైనింగ్ ఎన్ని నెలలు ఉంటుంది సార్?’

దీన్ని కొంచెం విడదీసి చూడండి. మొదటి వాక్యం నిజం. సంబంధాలు చూస్తున్నా సరే, ఖాయం కానంతవరకు చెప్పడానికి ఏమీ లేనట్టే. ‘ఇంట్లో’, ‘నాన్న’, ‘చూస్తున్నారు’ లాంటి మాటలు అందులో లేవు కాబట్టి, దాన్ని పట్టుకుని తర్వాతి ప్రశ్న వేయడానికి ఆయనకు కొస దొరకదు. ‘ఇంట్లో చూస్తున్నారు’ అంటే మాత్రం ‘ఎక్కడి సంబంధం? అబ్బాయి ఏం చేస్తడు?’ అని వెంటనే వస్తుంది. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, మన దగ్గర మాట అలా సాగుతుంది.

రెండో భాగం అసలైనది. హాస్టల్ మాట ఎందుకు పెట్టానంటే, నల్లగొండ అమ్మాయి దేవరకొండ, కల్వకుర్తి దాటుకుని జడ్చర్ల వచ్చి ఉంటుందా అన్నది వాళ్ళకు పెళ్ళికంటే దగ్గరి ప్రశ్న. ఎవరూ అడగకముందే మీరు దానికి ఏర్పాటు చేసుకున్నారంటే, ఈ అమ్మాయి ఆలోచించుకునే వచ్చిందని అర్థమవుతుంది. అయితే అది నిజమై ఉండాలి. ఇంటర్వ్యూకి ముందే జడ్చర్లలోనో మహబూబ్‌నగర్‌లోనో లేడీస్ హాస్టల్‌కు ఫోన్ చేసి అద్దె, భోజనం, కంపెనీ బస్సు ఆగే చోటు కనుక్కోండి. ‘ఏ హాస్టల్?’ అని అడిగితే తడబడకూడదు. ‘చాలా ఏళ్ళు చేస్తాను సార్’ అని ప్రతివాళ్ళూ అంటారు, దానికి విలువ లేదు. హాస్టల్ పేరు, బస్సు టైము చెప్పగలిగితే దానికి విలువ ఉంటుంది.

చివర మీరు అడిగే ప్రశ్న మాటను పనిమీదికి తిప్పుతుంది. ట్రైనింగ్, షిఫ్టులు, ఏ సెక్షన్‌లో వేస్తారు, ముడిసరుకు పరీక్షలా, ఫినిష్డ్ ప్రొడక్టా, స్టెబిలిటీయా, ఇలాంటివి ఏదైనా అడగొచ్చు. జీతం, సెలవులు మాత్రం ఆ చోట అడగకండి. పెళ్ళి మాట అయిన వెంటనే సెలవుల మాట వస్తే ఆయన రెండూ కలిపి లెక్క వేసుకుంటారు.

చెప్పే తీరు గురించి ఒక్క మాట. ఈ ఐదు వాక్యాలూ ఒకే వరసలో, మామూలు గొంతుతో, ఆయన వైపు చూస్తూ చెప్పి ఆగాలి. బట్టీపట్టకండి, బట్టీ మాట వినగానే తెలిసిపోతుంది. ఇంట్లో గట్టిగా నాలుగైదుసార్లు మీ మాటల్లోనే చెప్పుకోండి. ఇంకోటి, ఆయన ‘బిడ్డా’ అన్నాడని మీరు ఇంట్లో పెదనాయనకు చెప్పినట్టు మొదలుపెట్టకండి. మన జిల్లాల్లో ఆ పిలుపులో ఆప్యాయత నిజంగానే ఉంటుంది. కానీ ఆ పిలుపు వినగానే మనం ఇంటి పిల్లలమైపోయి, అమ్మ ఆరోగ్యం, చెల్లి చదువు, కుదరక పోయిన సంబంధం అన్నీ చెప్పేస్తాం. ఆయన బిడ్డా అన్నా, మీ నుంచి ప్రతి జవాబులో ‘సార్’ ఉంటే చాలు. ఆప్యాయతా పోదు, దూరమూ నిలుస్తుంది. ప్యానెల్‌లో ఆడవాళ్ళుంటే ‘మేడమ్’. ‘అక్కా’, ‘ఆంటీ’ అనొద్దు.

ఇక ఆయన అక్కడితో ఆగకపోతే? చాలామంది ఆగుతారు. ఆగనివాళ్ళు ఇలా వస్తారు: ‘అది సరే, రేపు మీ ఆయన వద్దంటే?’

దీనికి ‘వద్దనరు సార్’ అనకండి. ఇంకా లేని మనిషి తరఫున హామీ ఇచ్చినట్టవుతుంది. ‘ఎవరైనా సరే ఉద్యోగం మానాల్సి వస్తే నోటీసు పీరియడ్ పూర్తిచేసి, నా పని ఇంకొకరికి అప్పజెప్పే వెళ్ళాలి సార్. నేనూ అంతే చేస్తాను’ అనండి. ఆయన భయమంతా చెప్పకుండా పోతారనే. ‘పనిమధ్యలో వదలను’ అన్న మాట ఆయనకు పెళ్ళి తేదీకంటే ఎక్కువ ధైర్యమిస్తుంది. అంతకుముందు ఎక్కడైనా పనిచేసి ఉంటే ఇక్కడే ఆధారం చూపించొచ్చు. ఉదాహరణకు ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పి ఉంటే, ‘అక్కడ కూడా విద్యాసంవత్సరం పూర్తయ్యాకే మానాను సార్’ అన్నది చక్కటి జవాబు, అది నిజమైతే.

మూడోసారి కూడా వస్తే అక్కడ తెంచాలి, నవ్వుముఖంతోనే. ‘సార్, అంతకుమించి నా దగ్గర చెప్పడానికి లేదు. పని గురించి ఏదడిగినా చెబుతాను.’ తర్వాత మీరు ఇంకో మాట చేర్చకుండా ఆగిపోండి. ఆ మౌనం నాలుగు సెకన్లు ఉంటుంది, మీకు నాలుగు నిమిషాల్లా అనిపిస్తుంది. దాన్ని నింపడానికి మాట్లాడబోయి ఎంతోమంది పిల్లలు లేనిపోనివి చెప్పేసుకోవడం నేను చూశాను.

ప్రశ్న ఎప్పుడు వచ్చిందో కూడా గమనించండి. సబ్జెక్టు అడిగి, షిఫ్టుల మాట అయ్యాక చివర్లో ఒక్కసారి అడిగితే, మిమ్మల్ని తీసుకుందామనే ఉంది, చివరి అనుమానం తీర్చుకుంటున్నారన్నమాట. మీ చౌటుప్పల్ ఇంటర్వ్యూ అలాంటిదే అయి ఉండొచ్చు. కుర్చీలో కూర్చోగానే, సర్టిఫికెట్ తెరవకముందే అడిగి, జవాబు విని దరఖాస్తు మీద ఏదో రాసుకుని, సబ్జెక్టు రెండు ప్రశ్నలతో ముగిస్తే అది వడపోత. వాళ్ళు ముందే నిర్ణయించుకున్నారు. అక్కడ ఎంత చక్కగా చెప్పినా పని జరగదు. అలాంటి చోటనుంచి బయటికొచ్చి ‘నేనే సరిగ్గా చెప్పలేదేమో’ అని బాధపడే పిల్లల్ని చూస్తే నాకు మనసు కష్టమవుతుంది. మాట నేర్పు ఒక అనుమానాన్ని తీర్చగలదు, ఒక నిర్ణయాన్ని తిప్పలేదు.

కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకేసి ‘రెండేళ్ళు పెండ్లి చేసుకోనని రాసిస్తవా?’ అంటారు. నోటితో కూడా ఒప్పుకోకండి, కాగితం మీద అసలే వద్దు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 26 ఉంది. మైనరు కాని ఏ వ్యక్తి పెళ్ళినైనా అడ్డుకునే ఒప్పందం చెల్లదని అది నేరుగా చెబుతుంది. మీరు రాసిచ్చినా అది చట్టంలో నిలబడదు. అలాగని ‘చెల్లదు కదా’ అని సంతకం పెట్టేయడమూ మంచిది కాదు, తర్వాత దాన్ని చూపించి మీ జీతమో రిలీవింగ్ లెటరో ఆపి సతాయిస్తారు. ‘పని మీద ఒప్పందం ఏదైనా ఉంటే చదివి చెబుతాను సార్, పెళ్ళి మీద మాత్రం రాయలేను’ అంటే సరిపోతుంది. పని మీద బాండు వేరే సంగతి. ట్రైనింగ్ ఇచ్చాం, ఇంతకాలం చేయాలి, మధ్యలో మానితే ఇంత కట్టాలి అని రాసే బాండ్లను కోర్టులు సహేతుకంగా ఉంటే ఒప్పుకున్న సందర్భాలున్నాయి. కాబట్టి ఎంతకాలం, ఎంత డబ్బు అన్నవి చదవకుండా సంతకం పెట్టొద్దు. పదో తరగతి మెమో, డిగ్రీ, పీజీ ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ వాళ్ళ బీరువాలో పెట్టి రాకండి.

వయసు సంగతి దీనికంటే తేలిక. వయసు రహస్యం కాదు, మీ ఎస్సెస్సీ మెమో మీద పుట్టినతేదీ ఉంటుంది, అది వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అడిగితే ‘ఇరవై ఆరు సార్’ అని చెప్పండి, ముందూ వెనకా ఏమీ చేర్చకండి. అసలు చిక్కు ‘ఇరవై ఆరు వచ్చినా ఇంకా ఫ్రెషరేనా?’ అన్నప్పుడు వస్తుంది. ఇక్కడ ఆయన అడుగుతున్నది మధ్యలో ఖాళీ ఏళ్ళ లెక్క. దాన్ని ఏడాదివారీగా, సాకులు లేకుండా చెప్పాలి. ‘పీజీ అయ్యాక రెండేళ్ళు గ్రూప్స్‌కు చదివాను సార్, రాలేదు. ఇప్పుడు సబ్జెక్టులోకే వచ్చేశాను, ఈ మూడు నెలల్లో హెచ్‌పీఎల్‌సీ సిద్ధాంతం మళ్ళీ మొదటినుంచి చదివాను.’ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుని వెనక్కి వచ్చిన పిల్లలు మన జిల్లాల్లో ఇంటికొకరు ఉన్నారు, ప్యానెల్‌లో కూర్చున్నవాళ్ళ ఇళ్ళలోనూ ఉంటారు. ఎవరూ దాన్ని తప్పుపట్టరు. ‘మళ్ళీ నోటిఫికేషన్ వస్తే పోతవా?’ అన్నది తప్పకుండా వస్తుంది, దానికి జవాబు ముందే ఆలోచించుకోండి. రాస్తానని మీ మనసులో ఉంటే రాయనని చెప్పకండి, ‘ఉద్యోగం చేస్తూ చదవడం కుదిరితే చూస్తాను సార్, దానికోసం ఉద్యోగం మానే ఉద్దేశం లేదు’ అన్నంతవరకు చెప్పొచ్చు.

అబద్ధం గురించి కూడా చెప్పాలి. కొందరు స్నేహితులు ‘అసలు పెళ్ళే చేసుకోనని చెప్పు’ అంటారు. వద్దు. మన ఊళ్ళ మధ్య కబురు బస్సుకంటే ముందు చేరుతుంది. అదే ఫ్యాక్టరీలో మీ ఊరి పక్క ఊరివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. మూడు నెలలకే శుభలేఖ పట్టుకుని వెళ్ళాల్సివస్తే, పెళ్ళి ఎవరికీ తప్పనిపించదు, మీ మాట మీద నమ్మకం మాత్రం పోతుంది. ల్యాబ్‌లో ఆ నమ్మకమే మీ ఉద్యోగం. మీరు రాసిన రీడింగ్‌ను నమ్మే మందు బయటికి వెళుతుంది.

ఒకవేళ ఈలోగా సంబంధం ఖాయమై ముహూర్తం కూడా పెట్టుకుంటే ఎలా అన్నది మీరు అడగలేదు గానీ చాలామందికి ఎదురయ్యేదే. అడగకపోతే ఇంటర్వ్యూలో చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. నేరుగా అడిగితే దాచొద్దు: ‘ఖాయమైంది సార్, ఫలానా నెలలో. పది రోజుల సెలవు కావాలి. ఆ తర్వాత ఇక్కడే పనిచేస్తాను, అది మాట్లాడుకునే ఒప్పుకున్నాం.’ ఈ చివరి మాట అనాలంటే ముందు అత్తగారింటి వాళ్ళతో అది నిజంగా మాట్లాడి ఉండాలి. అడగకపోతే, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, చేరే తేదీ ఖాయం చేసుకునే ముందు హెచ్‌ఆర్‌కు చెప్పి సెలవు మెయిల్‌లో రాయించుకోండి. చేరిన వారానికి పెళ్ళి సెలవు అడిగితే ఎవరికైనా ఇబ్బందే. ఆఫర్ ఇచ్చాక అడిగితే చాలా కంపెనీలు చేరే తేదీని కాస్త జరుపుతాయి.

దరఖాస్తు ఫారంలో వివాహస్థితి అని గడి ఉంటుంది. అది ఖాళీగా వదలకండి, ఉన్నదున్నట్టు రాయండి. అలాంటి వివరం కంపెనీకి నిజంగా అవసరమయ్యేది మీరు చేరాక. పీఎఫ్‌కు నామినీ పేరు, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐకి కుటుంబ వివరాలు కావాలి. పెళ్ళయ్యాక ఆ నామినీ పేరు మీరే మార్పించుకోవాలి కూడా. ఇవి కాగితం పనులు, వీటికోసం ఇంటర్వ్యూలో పెళ్ళి ఎప్పుడని అడగాల్సిన పనిలేదు.

చట్టం ఏమంటుందో కూడా తెలిసుండాలి, గదిలో వాదించడానికి మాత్రం కాదు. ఇంటర్వ్యూలో పెళ్ళి గురించి అడగకూడదని నేరుగా చెప్పే చట్టం మన దగ్గర లేదు. కానీ ఒకే రకమైన పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడవాళ్ళన్న కారణంతో వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం సెక్షన్ 5 చెప్పింది. ఆ నియమమే ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లోకి చేరింది. 2024 జూన్‌లో తమిళనాడులోని శ్రీపెరుంబుదూర్ దగ్గర ఫోన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పెళ్ళైన ఆడవాళ్ళను తీసుకోవడం లేదని వార్తలు వచ్చినప్పుడు, కేంద్ర కార్మిక శాఖ ఆ సెక్షన్ 5నే చూపించి రాష్ట్ర ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. అంటే చట్టం ఉంది. దాని హద్దు ఏమిటంటే, మిమ్మల్ని ఒక్కరినీ ఆ కారణంతోనే తీసుకోలేదని నిరూపించడం చాలా కష్టం, ఎవరూ కాగితం మీద ఆ కారణం రాయరు. ‘పెళ్ళికాని వాళ్ళే కావాలి’ అని ప్రకటనలోనో మెసేజ్‌లోనో రాతపూర్వకంగా వస్తే మాత్రం దాన్ని ఫోన్‌లో భద్రం చేసుకోండి. కార్మిక శాఖ కార్యాలయానికి చూపించడానికి అలాంటి ఆధారమే పనికొస్తుంది.

ఇదంతా పెళ్ళి, వయసు వరకే. అక్కడినుంచి మాట ‘ప్రేమ వ్యవహారం ఏమన్నా ఉన్నదా?’, ‘పెండ్లయినంక పిల్లలు ఎప్పుడు?’ అన్నదాకా పోయినా, మీ శరీరం గురించో రూపం గురించో వచ్చినా, ఇక మర్యాదగా తిప్పే ప్రయత్నం చేయనక్కర్లేదు. ‘దీనికి జవాబు చెప్పను సార్’ అని లేచి రావచ్చు. 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల చట్టం ఉద్యోగంలో ఉన్న ఆడవాళ్ళకే పరిమితం కాదు, ‘ఉద్యోగి అయినా కాకపోయినా’ అని అందులో రాసి ఉంది. కాబట్టి లైంగిక అర్థం వచ్చే మాటలు మాట్లాడితే ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి కూడా ఫిర్యాదు చేయొచ్చు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో దానికోసం అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. ఇంటికొచ్చిన రోజే ఎవరు, ఎప్పుడు, ఏ మాటలన్నారో అన్నవి అన్నట్టే రాసిపెట్టుకోండి.

ఇక చివరిది, మన దగ్గర ఎవరూ పట్టించుకోనిది. మీ వెంట నాన్నగారు వస్తారా? అమ్మాయి ఇంటర్వ్యూ అంటే తండ్రో అన్నో వెంట రావడం మన వైపు మామూలే, అందులో తప్పేమీ లేదు. మీరు లోపల రాతపరీక్ష రాస్తుంటే ఆయన గేటు దగ్గరో రిసెప్షన్ కుర్చీలోనో కూర్చుంటారు. సెక్యూరిటీ అతనో, హెచ్‌ఆర్ కుర్రాడో మాటల్లో పెట్టి ‘ఏ ఊరు? ఎంతమంది పిల్లలు? అమ్మాయికి పెండ్లి ఎప్పుడు చేస్తున్రు?’ అంటారు. మీ నాన్నగారు మనసులో ఏమీ పెట్టుకోకుండా ‘ఈ మాఘమాసంల చేసేద్దామనుకుంటున్నం’ అంటారు. అది పావుగంటలో లోపలికి చేరుతుంది. మీరు లోపల ‘ఇప్పటికైతే చెప్పడానికి ఏమీ లేదు సార్’ అంటున్నప్పుడు, వాళ్ళు అప్పటికే వేరే మాట విని ఉంటారు. నేను పనిచేసిన చోట ఇది జరగడం కళ్ళారా చూశాను. ఆ అమ్మాయి మాట తప్పు కాదు, తండ్రి మాటా తప్పు కాదు, రెండూ కలవలేదంతే. జడ్చర్ల దూరం కాబట్టి ఈసారి నాన్నగారు తప్పకుండా వస్తారనుకుంటున్నాను. బయల్దేరే ముందురోజు రాత్రి భోజనం దగ్గరే ఆయనకు చెప్పండి: గేటు దగ్గర, బస్సులో, క్యాంటీన్‌లో ఎవరు అడిగినా ‘ఆ సంగతులు ఇంకా ఏమనుకోలేదు సార్, ఉద్యోగం గురించి మా అమ్మాయినే అడగండి’ అని మాత్రమే అనమని.